పిక్సెల్‌లో ముప్పై శాతం నాయనమ్మ

మా నాయనమ్మది ఒక్కటే మంచి ఫొటో ఉంది. ఆకుపచ్చ గోడ ముందు కూర్చుంది, నెరిసిన జుట్టు గాలికి కాస్త చెదిరింది. సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలని ఒక స్టూడియోలో ఇస్తే, గోడ తీసేసి లేత నీలం బ్యాక్‌గ్రౌండ్ పెట్టారు. ముఖం బానే ఉంది. జుట్టు మాత్రం అట్టముక్క కత్తిరించినట్టు మెట్లు మెట్లుగా, అంచున పచ్చటి గీతతో వచ్చింది. నాన్న చూసి "అమ్మలా లేదురా" అన్నారు. అసలు ఫొటో తీసుకుని నేనే కూర్చున్నా.

బాగా జూమ్ చేస్తే సంగతి తెలిసింది. చెదిరిన వెంట్రుక ఒక పిక్సెల్ కంటే సన్నం. అందుకే ఆ పిక్సెల్‌లో వెంట్రుక, గోడ కలిసిపోయి ఒకే రంగవుతాయి. ఎరుపు విలువ ఒక్కటే చూద్దాం. జుట్టుది 220, గోడది 80 అనుకోండి. పిక్సెల్‌లో 30 శాతం వెంట్రుక ఉంటే 122 వస్తుంది. అది జుట్టూ కాదు, గోడా కాదు.

మామూలు మాస్క్‌కి తెలిసింది రెండే మాటలు: ఉంచు, తీసెయ్. 30 శాతం వెంట్రుక ఉన్న పిక్సెల్‌ని తీసేస్తుంది. పక్కనే 60 శాతం ఉన్నదాన్ని పూర్తిగా ఉంచేస్తుంది, అందులోని గోడతో సహా. మెట్లు, పచ్చగీత రెండూ అక్కడి నుంచే. ఫెదర్ పెడితే చెంప అంచు కూడా మసకబారుతుంది, పోయిన వెంట్రుక మాత్రం తిరిగి రాదు.

కావాల్సింది "ఎంత శాతం" అని చెప్పే మాస్క్. ఆ శాతాన్నే ఆల్ఫా అంటారు. ఫొటోషాప్‌లో `Select and Mask` తెరిచి, `Refine Edge Brush`తో చెదిరిన జుట్టు మీద మాత్రమే రుద్దాలి. చెంప, భుజం జోలికి పోకూడదు. చుట్టుపక్కల అచ్చమైన జుట్టు రంగు, అచ్చమైన గోడ రంగు చూసి అది వాటా అంచనా వేస్తుంది. మన పిక్సెల్‌కి 0.3 వచ్చిందనుకోండి. ఇక్కడితో సగం పనే అయింది, ఎందుకంటే పిక్సెల్‌లో రంగు ఇంకా 122నే. కొత్త నీలం బ్యాక్‌గ్రౌండ్‌లో ఎరుపు విలువ 180 అయితే:

```
0.3 × 122 + 0.7 × 180 ≈ 163
0.3 × 220 + 0.7 × 180 = 192
```

మొదటి లెక్కలో తెల్ల వెంట్రుక బ్యాక్‌గ్రౌండ్ కంటే నల్లగా తేలింది. కంటికి మురికిలా కనిపించేది అదే. `Decontaminate Colors` టిక్ చేస్తే గోడ రంగు పోయి జుట్టు రంగు వస్తుంది, అప్పుడు రెండో లెక్క పడుతుంది. సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే కింద ఒకసారి నల్ల లేయర్, ఒకసారి తెల్ల లేయర్ పెట్టి చూడండి. ఒకదాంట్లో దాక్కున్న అంచు రెండోదాంట్లో దొరికిపోతుంది.

ఒక్కచోట మాత్రం ఇదేదీ పనిచేయలేదు. నాయనమ్మ తల పక్కన గోడకి తెల్ల క్యాలెండర్ వేలాడుతోంది. తెల్ల వెంట్రుక వెనక తెల్ల కాగితం ఉంటే, వాటా ఎంతైనా పిక్సెల్ రంగు ఒకటే. ఇక దేన్ని బట్టి అంచనా వేస్తుంది? అందుకే ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో తీసేటప్పుడు, వాళ్ల జుట్టు రంగుకి దూరంగా ఉండే గోడ ముందు కూర్చోబెట్టండి.