పెద్ద అక్షరాల విన్నపం

లేఖారచన పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఒక దరఖాస్తు గుర్తుకు వస్తుంది. మా కళాశాలలో సి.ఇ.సి. ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని 2023లో పరీక్షల మండలికి వ్రాసుకున్నది అది. తెలుగులో వ్రాసింది కాబట్టి భాషాదోషాలు చూడమని ముందుగా నా వద్దకు తెచ్చింది.

ఆ అమ్మాయికి చూపు బొత్తిగా లేకపోలేదు. రెటీనా నడిమి భాగం దెబ్బతినడం వల్ల సూటిగా చూసినచోట మసక, దాని చుట్టూ కొంత చూపు ఉన్నాయి. బాగున్న కంటిలో చూపు 6/60 అని వైద్యుల ధ్రువపత్రం చెబుతున్నది. అంటే ఇతరులకు అరవై మీటర్ల దూరం నుండి కనిపించే అక్షరం ఆమెకు ఆరు మీటర్లలోనే కనిపిస్తుంది. ఇది కళ్ళద్దాలతో సరిపోయే లోపం కాదు. దారిలో ఒంటరిగా నడిచి వస్తుంది, నల్లబల్ల మీది వ్రాత మాత్రం చదవలేదు. ఇటువంటి వారి కష్టం చిత్రమైనది. పూర్తిగా చూపులేని వారికి సాయం చేయాలని అందరికీ తోస్తుంది. కొద్దిగా చూపున్న వారిని మాత్రం “కనబడుతున్నది కదా!” అని పక్కన పెడతారు.

మొదటి సంవత్సరం పరీక్షలలో అదే జరిగింది. పరీక్షాకేంద్రంలో ఆమె పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం అడిగింది. అక్కడి అధికారి దయగల మనిషే కానీ ఏమీ చేయలేకపోయాడు. ప్రశ్నపత్రాలు సీలు వేసిన కట్టలలో వస్తాయి. పరీక్షకు కాస్త ముందుగా మాత్రమే వాటిని విప్పుతారు. పెద్ద అక్షరాల పత్రం కావాలంటే దానిని అంతకు కొన్ని నెలల ముందే వేరుగా కూర్చి, ముద్రించి, ఫలానా కేంద్రానికి ఫలానా హాల్‌టికెట్టు పేర పంపవలసి ఉంటుంది. ఆనాడు ఆమె భూతద్దం పట్టుకొనే పరీక్ష వ్రాసింది. భూతద్దంలో అక్షరం ఎంత పెద్దదయితే ఒకసారికి కనిపించే అక్షరాలు అంత తక్కువ. రెండు మూడు అక్షరాల చొప్పున వాక్యాన్ని ఏరుకుంటూ పోవాలి.

అందుచేత రెండవ సంవత్సరం ఆమె పరీక్ష రుసుము చెల్లించే రోజులలోనే దరఖాస్తు సిద్ధం చేసింది. నాకు చూపిన మొదటి ప్రతిలో “దయతలచి”, “కరుణించి”, “నా దౌర్భాగ్యమును గుర్తించి” వంటి మాటలే సగం ఉన్నాయి. కావలసినదేమిటో ఎక్కడా స్పష్టంగా లేదు. భాషాదోషాలయితే ఒకటి రెండే. “విన్నపం అంటే ఏమిటమ్మా?” అని అడిగాను. వేడుకోవడమంది. విజ్ఞాపన అనే సంస్కృతపదానికి అది వికృతి అనీ, తెలియజేయడమే దాని అర్థమనీ చెప్పాను. “అయితే ఏం తెలియజేయాలి సార్?” అన్నది. “నీకు మాత్రమే తెలిసి, వారికి తెలియనిది” అన్నాను.

తరువాత ఆమె చేసిన పని నాకు తోచినది కాదు, తన ఆలోచనే. పాత ప్రశ్నపత్రాలు మూడు తీసుకొని మూడు ఆదివారాలు కళాశాలలో కూర్చున్నది. గడియారం చూసే పని నాది. మొదటి వారం మామూలు అచ్చు, భూతద్దం, మూడు గంటల వ్యవధి. ప్రశ్నపత్రం ఒకసారి చదవడానికే ముప్పైయొక్క నిమిషాలు పట్టింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు ఎనిమిది నిమిషాలలో ముగించింది. గంట కొట్టేసరికి వందకు అరవై ఎనిమిది మార్కుల ప్రశ్నలకే ఆమె జవాబులు వ్రాయగలిగింది. రెండవ వారం అదే మూడు గంటలు, కానీ పత్రం 18 పాయింట్ల అక్షరాలలో ఉన్నది. చదవడం పదహారు నిమిషాలకు తగ్గింది. డెబ్బై తొమ్మిది మార్కుల వరకు వ్రాసింది. మూడవ వారం పెద్ద అక్షరాలకు ఒక గంట అదనపు కాలం చేర్చాము. అన్నీ వ్రాసి, ఒకసారి సరిచూసుకున్నది.

రెండవ వారపు లెక్కే నాకు కనువిప్పు. అక్షరం పెద్దదయితే చాలునని నేననుకున్నాను. చదవడంలో పదిహేను నిమిషాలు కలిసివచ్చినా ఇరవై ఒక్క మార్కుల ప్రశ్నలు మిగిలిపోయాయి. ఎందుకని పక్కన కూర్చుని చూశాను. జవాబు వ్రాస్తూ మధ్యలో ప్రశ్నను మళ్ళీ చూడవలసి వస్తే ఆమె ప్రశ్నపత్రంలో ఆ చోటును వెదుక్కోవాలి. తిరిగి వచ్చి జవాబుపత్రంలో తాను ఆపిన పంక్తిని వెదుక్కోవాలి. ఆ పత్రంలోని లేత గీతలు ఆమెకు కనిపించవు. తాను వ్రాసినదాన్ని చదువుకోవడానికీ కాగితాన్ని కంటి దగ్గరకు ఎత్తాలి. ఆ నష్టాన్ని అచ్చు తీర్చలేదు, కాలమే తీర్చాలి. కాలం మాత్రమే ఇచ్చి చిన్న అచ్చు ఇస్తే, ఇచ్చిన గంటలో చాలా భాగం భూతద్దం తినేస్తుంది. అలసిన కన్ను చివరి గంటలో మరీ మందగిస్తుంది.

ఈ మూడు వారాల లెక్క ఆమె రెండవ ప్రతిలో నాలుగే వాక్యాలయింది. దాని క్రింద తనకు కావలసిన పత్రం ఎలా ఉండాలో వ్రాసింది. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గరాదు, పంక్తుల మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, మెరుపులేని కాగితంపై నల్లని అచ్చు కావాలి. పంక్తుల ఎడం గురించి ఆమె ఇచ్చిన కారణం తెలుగు అధ్యాపకుడనైన నన్ను ఆకట్టుకున్నది. మన లిపిలో వత్తులు అక్షరం క్రిందికి దిగుతాయి. ఎడం చాలకపోతే పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకుతుంది. ద, ధ ల మధ్య భేదం క్రిందనుండే ఒక చిన్న గీత. ధ, థ ల మధ్య భేదం కడుపులోని చుక్క. మసక చూపుకు మొదట మాయమయ్యేవి ఇవే. మామూలు పత్రాన్ని జిరాక్సు యంత్రంలో పెద్దది చేస్తే చాలదా అని మీరడగవచ్చు. ఎ4 కాగితాన్ని ఎ3కి పెంచితే అక్షరం సుమారు 1.4 రెట్లు మాత్రమే అవుతుంది. పదకొండు పాయింట్ల అక్షరం పదిహేనున్నర దగ్గర ఆగుతుంది. పైగా అంచులు అలుక్కుపోతాయి, కాగితం బల్లకు పట్టదు.

చట్టాన్ని ఆమె ఒక్క పంక్తిలో పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షలలో అదనపు సమయం, వ్రాతసహాయకుడు వంటి మార్పులు చేయాలంటున్నది. ద్వితీయ, తృతీయ భాషల నుండి మినహాయింపు కూడా అందులోనే ఉన్నది. అంటే నా పాఠం నుండే తప్పించుకునే దారి ఆమెకు ఉండినది! దాని ఊసు ఆమె దరఖాస్తులో లేదు. నేనూ ఎత్తలేదు.

ధ్రువపత్రం నకలు జతచేసి, ప్రిన్సిపాలుగారి సంతకంతో దరఖాస్తు పంపాము. మండలి గంట సమయం మంజూరు చేసింది. పెద్ద అక్షరాలకు బదులు వ్రాతసహాయకుణ్ణి తీసుకోవచ్చునన్నది. ఆమె మళ్ళీ వ్రాసింది: “నేను వ్రాయగలను. నాకు కష్టమైనది చదవడం. మరొకరు చదివి వినిపిస్తే పద్యపాదం ఎక్కడ విరిగిందో నాకు కనబడదు.” కేంద్ర ప్రభుత్వం 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు అప్పటికి అమలులో ఉన్నాయి. మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనంగా ఇవ్వాలనీ, పెద్ద అక్షరాల వంటి పద్ధతిని ఎంచుకునే అవకాశం వీలైనంతవరకు అభ్యర్థికే ఇవ్వాలనీ వాటిలో ఉన్నది. ఆ పుట నకలు కూడా జతచేసింది.

2024 మార్చిలో పత్రాలు వచ్చాయి. ఒక్కటి తప్ప అన్నీ ఆమె కోరినట్లే ఉన్నాయి. ఆ ఒక్కదానిలో అక్షరాలన్నీ పెద్దవే, నడుమ ఒక పట్టిక మాత్రం బొమ్మలా అతికించడంతో పాత పరిమాణంలోనే మిగిలిపోయింది. పరీక్షలు ముగిసిన మూడవనాడు ఆమె మండలికి ఇంకొక ఉత్తరం తెచ్చి చూపింది. మొదటి వాక్యంలో కృతజ్ఞతలు, రెండవ వాక్యంలో ఆ పట్టిక సంగతి, మూడవ వాక్యంలో వచ్చే ఏడు వ్రాయబోయేవారికి పట్టికలను కూడా అక్షరాలతోపాటు కొత్తగా కూర్చవలసినదిగా కోరిక. దిద్దడానికి నాకేమీ కనిపించలేదు.