రేటు చూడని మెహనత్

కారఖానాలో చేతికి డబ్బు లేని రోజుల్లో పనివాళ్ళని ఖుషీగా ఎలా ఉంచుతావని చెల్లెళ్ళు, బంధువుల ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు. వాళ్ళలో కొందరు ఇళ్ళల్లోనే నాలుగు మిషన్లు పెట్టుకున్నారు, ఇంకొందరు టిఫిన్ సెంటర్, మెహందీ పని, ట్యూషన్ నడుపుతున్నారు. నాకు తెలిసింది కుట్టుపని. నల్లగొండలో మాది చిన్న కారఖానా, స్కూల్ యూనిఫాంలు కుడతాం. నాతో కలిపి తొమ్మిది మందిమి. అందుకని ఆ పని సంగతే చెప్తాను.

మా సీజన్ ఏప్రిల్‌లో మొదలై జూన్ 12న బళ్ళు తెరిచేదాకా నడుస్తుంది. ఈసారి ఒక స్కూల్ 1,500 చొక్కాల ఆర్డర్ ఇచ్చింది. మూడో వంతు అడ్వాన్స్ ఇచ్చి, మిగిలింది జులైలో ఇస్తామన్నది. ఆ అడ్వాన్స్‌లోంచే దారం, బొత్తాములు, కరెంటు బిల్లు, ప్రతి గురువారం మజూరీ. పైగా సీజన్ చివర్లోనే బక్రీద్. ఈదీ ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.

ముందు ఒక్క మాట చెప్పాలి. మజూరీ ఆపేసి పొగడ్తలు ఇస్తే అది మజాక్ అవుతుంది. పెళ్ళికి ముందు నేను ఒక రెడీమేడ్ యూనిట్‌లో పనిచేశాను. అక్కడ రెండు నెలల మజూరీ బాకీ పెట్టి గోడ మీద 'ఈ నెల ఉత్తమ కారీగర్' అని ఫోటో పెట్టేవాళ్ళు. మొదటి నెల ఫోటో పడ్డ ఆపా ఇంటికెళ్ళి చెప్పుకుంది. నాలుగో నెలకి ఎవరికి పడినా అందరూ నవ్వుకునేవాళ్ళు, "ఈ నెల నీ బారీ" అని. వరసలో అందరికీ వచ్చేదాన్ని ఎవరు ఇజ్జత్ అనుకుంటారు? అందుకే మా దగ్గర గురువారం సాయంత్రం ఐదింటికల్లా ఆ వారం హిసాబ్ తేలిపోతుంది. మిగతావన్నీ దాని తర్వాతే.

మే మధ్యలో మా ఓవర్‌లాక్ ఆపాకి వేరే చోటి నుంచి పిలుపొచ్చింది. మా దగ్గర చొక్కాకి ఐదు రూపాయలు, అక్కడ ఆరు. రోజుకి 120 చొక్కాలు కొడుతుంది కాబట్టి రోజుకి 120 రూపాయల తేడా. కూతురి నిఖా ముందున్న మనిషికి అది చిన్న రకం కాదు. ఆపా దాచిపెట్టకుండా నాకే చెప్పింది. "క్యా కర్నా బోలో" అని నన్నే సలహా అడిగింది.

ఆపా ఒక్కదానికే రూపాయి పెంచితే ఈ ఆర్డర్ మీద పడేది 1,500 రూపాయలే. కానీ కారఖానాలో రేట్లు ఒకదానికొకటి గొలుసు. ఓవర్‌లాక్‌కి ఐదింట ఒక వంతు పెరిగిందంటే కుట్టేవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మా చొక్కాకి కటింగ్ ఐదు, కుట్టుడు నలభై ఐదు, ఓవర్‌లాక్ ఐదు, కాజా బొత్తాం నాలుగు, ఇస్త్రీ ప్యాకింగ్ మూడు, మొత్తం 62 రూపాయలు. అందరికీ అదే లెక్కన పెంచితే 18,600 అవుతుంది. అది నా దగ్గర లేదు. కాగితం మీద ఈ హిసాబ్ అంతా ఆపా ముందే వేశాను. డబ్బు లేదని ఊరికే చెప్తే ఎవరూ నమ్మరు, లెక్క చూపిస్తే నమ్ముతారు.

ఆ రోజు నా దగ్గర ఇంకో నోట్‌బుక్ కూడా ఉంది. వాపస్ కాపీ అంటాం. స్కూల్ నుంచి తిరిగొచ్చిన ప్రతి చొక్కానీ, ఎందుకు వచ్చిందో అందులో రాస్తాను. పోయినేడు 1,400 చొక్కాల్లో 61 వాపస్ వచ్చాయి. వాటిలో 38 పక్క కుట్టు విడిపోయినవే. ఆ ఏడు ఓవర్‌లాక్ వేరే మనిషి కొట్టింది. ఈసారి అప్పటికి 900 చొక్కాలు పంపాం. కుట్టు విడిపోయి వచ్చినవి రెండు.

ఎందుకంటే ఓవర్‌లాక్ కుట్టుకి చివర గొలుసులాంటి దారం తోక మిగులుతుంది. దాన్ని మిషన్ అంచున తెంపేస్తే నాలుగు ఉతుకుల్లో అక్కణ్ణించి విడిపోవడం మొదలవుతుంది. ఆపా రెండు సెంటీమీటర్ల తోక వదిలి, దాన్ని వెనక్కి తిప్పి కుట్టులోకి పంపి మళ్ళీ కొడుతుంది. సూది మొద్దుబారేదాకా ఆగదు. కత్తి సరిగ్గా తెగకపోతే, అంచున పోగులు లేస్తే అప్పుడే పని ఆపి చూసుకుంటుంది. వీటన్నిటికీ చొక్కాకి కొన్ని సెకన్లు పడతాయి. పీసు రేటులో సెకన్లంటే పైసలు. అంటే ఆపా మంచిగా చేసినందుకు తన మజూరీయే తగ్గించుకుంటోంది! పీసు రేటు లెక్కపెట్టేది చేతి వేగాన్నే. ఎన్ని వాపస్ రాలేదో దానికి తెలియదు. డబ్బు తక్కువున్న యజమాని ముందు పట్టుకోవాల్సింది దీన్నే. మనం ఇచ్చే రేటు ఎవరి మెహనత్‌ని చూడలేకపోతోందో వెతకాలి.

'షాబాష్, బాగా చేస్తున్నావు' అంటే వినీ వినకుండా తల ఊపుతారు. నేను నోట్‌బుక్ తెరిచి 38, 2 అని చూపించాను. "తోక తిప్పి కొట్టడం వల్లే ఇది. కుట్టేవాళ్ళు ఎన్నో చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టకుండా తప్పించావు" అన్నాను. ఆపా చాలాసేపు ఆ కాపీనే చూసింది. "ఎవరికీ కనబడదనుకున్నా" అన్నది.

తర్వాత ఇంకేం కావాలని అడిగాను. డబ్బు కాకుండా రెండు చెప్పింది. మధ్యాహ్నం మూడున్నరకి వదిలితే చిన్నవాణ్ణి మదర్సా నుంచి తీసుకురాగలదు. అందుకు పొద్దున ఏడున్నరకే వస్తానంది. తాళంచెవి ఒకటి తన దగ్గరే ఉంచమన్నాను, ఖర్చేమీ లేదు. రెండోదే కష్టం. కటింగ్ సరిగ్గా లేని బండిల్‌ని వెనక్కి పంపే హక్ కావాలంది.

మా కటింగ్ మాస్టర్ చాచా ఈ పనిలో ముప్పై ఏళ్ళ ఉస్తాద్. నలభై పొరలు ఒకటిమీద ఒకటి పరిచి మిషన్‌తో కోసేవారు. అన్ని పొరలైతే కింది పొరలు కాస్త జరుగుతాయి, అంచులు కలవవు, ఓవర్‌లాక్‌లో లోపలికి తక్కువ గుడ్డ పడుతుంది. "అంచులు కొట్టేది నాకు చెప్పాలా?" అని చాచాకి కోపం వచ్చింది. ఒకరికి ఇచ్చిన ఇజ్జత్ ఇంకొకరి ఇజ్జత్‌ని తగ్గిస్తే ఆ రోజునుంచే కారఖానాలో రెండు పార్టీలు తయారవుతాయి. నేను నలుగురిలో ఏమీ అనలేదు. మర్నాడు అందరూ రాకముందు ఒక బండిల్‌లో పైనుంచి మూడు, అడుగునుంచి మూడు ముక్కలు తీసి చాచాకిచ్చి కొలవమన్నాను. ఆయనే కొలిచారు, ఆయనే ఇకమీదట ఇరవై ఐదు పొరలు చాలన్నారు. హక్ ఆపా చేతికి వచ్చింది, ఫైసలా మాత్రం చాచాదే అయింది.

చాచాకి షుక్రియా ఎలా చెప్పాలి అనేది వేరే ప్రశ్న. ఆయన చదువుకోలేదు, చిట్టీ రాసిస్తే ఇంకొకరితో చదివించుకోవాలి. నలుగురి ముందు పొగిడితే సిగ్గుపడి బయటికెళ్ళి బీడీ వెలిగిస్తారు. అందుకని వాళ్ళ బహూ ఫోన్‌కి వాయిస్ మెసేజ్ పంపాను, మన భాషలోనే, ఇరవై సెకన్లు. పొరలు తగ్గించాక బండిళ్ళు ఎలా వస్తున్నాయో, గుడ్డ ఎంత తక్కువ వృథా అవుతోందో చెప్పాను. ఇంట్లో మనవళ్ళ ముందు మోగించారట. ఆ సంగతి చాచా నాతో ఎప్పుడూ ఎత్తలేదు కానీ మర్నాడు నాకు కూడా చాయ్ చెప్పి వచ్చారు.

జర్మనీలో ఒక పరిశోధన గురించి చదివాను. 2012లో అచ్చయింది. యూనివర్సిటీ లైబ్రరీలో కొన్ని గంటల పనికి పిలిచిన విద్యార్థుల్లో కొందరికి కూలి పెంచారు, కొందరికి దాదాపు అంతే ఖరీదున్న ఫ్లాస్క్ కాగితం చుట్టి ఇచ్చారు. డబ్బు పెంచినందుకు పనిలో పెద్ద తేడా రాలేదు, ఫ్లాస్క్‌తో బాగా వచ్చింది. ఇంకో గుంపుకి నోటునే చొక్కాలా మడిచి ఇస్తే అదీ బాగా పనిచేసింది. నోటుని చొక్కా చేయడం మాలాంటి దర్జీల ఇంట పుట్టాల్సిన ఆలోచన! ఇచ్చినవాళ్ళు తమ కోసం సమయం పెట్టారని తీసుకున్నవాళ్ళకి కనబడింది. అయితే వాళ్ళు కొన్ని గంటలకి వచ్చిన విద్యార్థులు. రేషన్, అద్దె, నిఖా ఖర్చు నెత్తిన ఉన్నవాళ్ళ ముందు ఫ్లాస్క్ ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఆ పరిశోధన చెప్పదు. నన్నడిగితే రెండో నెలకి పనిచేయదు.

బక్రీద్‌కి మేం చేసింది ఇది. కుట్టేవాళ్ళ ఇళ్ళల్లో అందరికంటే చివర కుట్టేది సొంత పిల్లల బట్టలే. ఊరందరివీ అయ్యాక పండగ ముందు రాత్రి కూర్చుని కళ్ళు మండుతుండగా కుడతారు. అందుకని ఆఖరి లాట్ పంపిన మర్నాడు, బండిళ్ళేమీ లేని రోజున, కారఖానాని వాళ్ళకే వదిలేశాం. గుడ్డ వాళ్ళది. దారం, బొత్తాములు, కాలర్‌లోకి ఫ్యూజింగ్, కాజా, ఇస్త్రీ మావి. ఆ రోజు చాచా అందరికీ కటింగ్ చేసిచ్చారు, నేను ఇస్త్రీ దగ్గర నిలబడ్డాను. బక్రీద్ లేని మా హెల్పర్ అమ్మాయి వాళ్ళమ్మకి రెండు జాకెట్లు కుట్టుకుంది. చాయ్, సమోసాలతో కలిపి ఖర్చు 1,100 రూపాయలు. తొమ్మిది మందికి పంచితే చేతిలో నూట ఇరవై చొప్పున పడేది, అది పాల ప్యాకెట్లకే సరిపోయేది.

పని రోజు సాయంత్రం ఏడు దాటాక 'ఉండి మీ బట్టలు కుట్టుకోండి' అంటే మాత్రం అది ఇనాం కాదు, ఓవర్‌టైం. పీసు రేటు వాళ్ళని బండిల్ వదిలి కూర్చోమన్నా వాళ్ళకి నష్టమే. అందుకే బండిళ్ళు లేని రోజు ఎంచుకున్నాం.

ఇవన్నీ చేసినా అందరూ ఆగలేదు. కాలర్లు కుట్టే అబ్బాయి ఎక్కువ మజూరీ దొరికిందని హైదరాబాద్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వాడికొక చిట్టీ రాసిచ్చాను. ఎన్నేళ్ళు చేశాడు, ఏయే కాలర్లు కుట్టగలడు, రోజుకి ఎన్ని అని వివరంగా. అక్కడ చూపిస్తే మొదటి వారమే హెల్పర్‌గా కాకుండా మిషన్ మీద కూర్చోబెట్టారని ఫోన్ చేశాడు. ఇక్కడే మిగిలిన ఇద్దరు కుర్రాళ్ళు తమకీ అలాంటి చిట్టీ రాసి పెట్టమంటే రాసి ఇచ్చాను. వెళ్ళిపోతారని భయపడి దాచేది కాదు అది, వాళ్ళ హక్.

ఓవర్‌లాక్ ఆపా సీజన్ అంతా ఉంది. రూపాయి పెంచలేను కానీ జులైలో బిల్లు వస్తే వచ్చే ఆర్డర్ నుంచి యాభై పైసలు పెంచుతానని, అందరికీ అదే లెక్కన అని, వాపస్ కాపీ మొదటి పేజీలో తారీఖుతో రాసి సంతకం చేశాను. ఆపా సంతకం కూడా తీసుకున్నాను. బిల్లు జులై 19న వచ్చింది, అదీ సగమే. ఆ గురువారం కొత్త రేట్లు చాక్‌పీసుతో కటింగ్ బల్ల పక్క గోడ మీద రాశాం. ఓవర్‌లాక్ అయిదున్నర. మిగతా సగం కోసం రేపు మళ్ళీ స్కూల్‌కి వెళ్ళాలి. ఆపా కూడా వస్తానంది.