పైన పొగలు, మధ్యలో పచ్చి

నాకు 42 పందులుండేవి, సీమపందులు. పట్టణంలో రెండు హోటళ్లు, ఒక హాస్టల్, బైపాస్ పనుల దగ్గర కూలీల మెస్సు. ఈ నాలుగు చోట్ల మిగిలిన అన్నం, సాంబారు, ఎముకలు రోజూ ఒక డ్రమ్ముడు తెచ్చేవాణ్ని. దాణా కొంటే మిగిలేది ఏమీ ఉండదు. ఎంగిలి కూడుతోనే మా ఇల్లు నడిచింది.

కాచి పెట్టాలని నాకు తెలుసు. మొదటి ఏడాది కాచాను. తర్వాతి వానాకాలం కట్టెలు తడిసిపోయాయి. పైన పొగలు రాగానే దించేసేవాణ్ని. కొన్ని రోజులు అది కూడా చేయలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

రోగం మొదలైన రోజు ఒక తల్లిపంది మేత ముట్టలేదు. ఎండకేమో అనుకున్నాను. రెండో రోజు దానికి 106 డిగ్రీల జ్వరం. స్వైన్ ఫీవర్ టీకా వేయించాను కదా అని ధైర్యంగానే ఉన్నాను. ఆ టీకా మామూలు స్వైన్ ఫీవర్‌కి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరే వైరస్, దానికి ఆ టీకా పనిచేయదు. ఆ తేడా నాకప్పటికి తెలియదు.

మూడో రోజు మరో మూడు పడుకున్నాయి. చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రగా, తర్వాత ఊదాగా మారాయి. ఆ రాత్రి నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బేరగాడికి ఫోన్ చేసి, తెల్లవారేలోపు బాగున్నవన్నీ పట్టుకుపొమ్మన్నాను. బాగున్నట్టు కనిపించే పందిలో కూడా రోగం ఉండొచ్చు. పైకి తేలడానికి 4 నుంచి 19 రోజులు పడుతుంది.

బండి రాకముందే పశువైద్యశాల అసిస్టెంటు వచ్చాడు. నా భార్యే పిలిచింది. అతను గేటు దగ్గర నిలబడి, "అన్నా, ఒక్కటి బయటికి పోయినా నాలుగు ఊళ్లు పోతాయి" అన్నాడు. బండిని వెనక్కి పంపాను. ఆ మాట నన్ను ఎంత పాపం నుంచి తప్పించిందో ఈరోజు తెలుసు.

ఐదో రోజుకి ఏడు చచ్చాయి. ముక్కులోంచి రక్తం. నమూనాలు భోపాల్ ల్యాబుకి పోయాయి. ఫలితం వచ్చేదాకా ఐదు రోజులు షెడ్డులోకి వెళ్లాలంటేనే కాళ్లు వణికేవి. నీళ్లు నా బావమరిది పెట్టాడు. నేను గదిలో కూర్చున్నాను.

పదో రోజు ఫలితం వచ్చింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవరే. మనుషులకు అంటదని పశువుల డాక్టరు ముందే చెప్పారు. కానీ కిలోమీటరు లోపలి పందులన్నింటినీ చంపాలన్నది నిబంధన. మా వీధి చివరి ముసలాయనవి ఆరు పందులు. వాటికి ఏ జబ్బూ కనిపించలేదు. వాటినీ చంపారు. ఆయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. జేసీబీతో లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. జేసీబీ అబ్బాయి ఆ పనికి కూలి తీసుకోలేదు. చంపించినవాటికే పరిహారం. ముందే చచ్చినవాటికి లేదు. మొదటి రోజే చెప్పి ఉంటే కొంతైనా మిగిలేది.

రోగం ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. డాక్టరు తేల్చి చెప్పలేదు. మెస్సు డ్రమ్ములో పంది ఎముకలున్నాయా అని మాత్రం అడిగారు. ఉన్నాయి. రోగమున్న పంది మాంసంలో, ఫ్రిజ్‌లో పెట్టినా ఉప్పేసి ఎండబెట్టినా, ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. తర్వాత నా చేతే ఒక డ్రమ్ము కాయించి, థర్మామీటరు ముంచి చూపించారు. అంచుల్లో కుతకుతలాడుతోంది. నడుమ, చిక్కటి అన్నం ముద్దలో, 58 డిగ్రీలే. ఎముక లోపల ఇంకెంత తక్కువో.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. ముద్దలు, ఎముకలు చిన్నవి చేయాలి. నీళ్లు పోసి పలుచన చేయాలి. అడుగు నుంచి కలుపుతూనే ఉండాలి. నడుమ కూడా మరగడం మొదలయ్యాకే టైము లెక్కపెట్టాలి, అక్కడినుంచి గంట. 70 డిగ్రీల్లో అరగంటకే వైరస్ చస్తుందంటారు గానీ, మన డ్రమ్ములో ప్రతి ముద్దా ఆ వేడికి చేరిందని చూసేదెవరు? అందుకే గంట. పచ్చిది తెచ్చిన బకెట్టుతో, గరిటెతో కాచినదాన్ని ముట్టకూడదు. నేను ఒకే బకెట్టు వాడేవాణ్ని. అలా వాడితే కాచినా కాచనట్టే. బూజు పట్టిన కూడులోని విషం మరిగించినా పోదు, దాన్ని పారేయాల్సిందే.

షెడ్డు నెలల పాటు ఖాళీగా ఉంది. ఇప్పుడు ఎనిమిది పిల్లల్ని పెట్టాను. మెస్సు కూడు మానేశాను. రోజూ కలుపుతూ గడియారం చూస్తుంటాను. గంట కాకముందు చేతులు నొప్పెడతాయి. ఏ పంది మేత మానినా ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మీ షెడ్డులో ఒక్క పంది మేత మాని, చెవులు ఎర్రబడితే బేరగాడికి ఫోన్ చేయకండి. పశువుల డాక్టరుకి చేయండి, ఆ రోజే.