రేకుల కింద కేబుల్ లెక్క

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక హైవే పక్కన విడిభాగాల షెడ్లు చాలానే లేచాయి. నేను వెళ్లింది అలాంటి ఒక షెడ్డుకే. మిట్టమధ్యాహ్నం, ఎండాకాలం. అక్కడి సీనియర్ ఎలక్ట్రీషియన్ నన్ను మిషన్ల దగ్గరికి కాకుండా నేరుగా నిచ్చెన ఎక్కించి, పైకప్పు రేకులకు రెండడుగుల కింద పోతున్న కేబుల్ ట్రే దగ్గరికి తీసుకెళ్లాడు.

‘‘కింద మనం నిల్చున్నచోట 41 డిగ్రీలు సార్. ఇక్కడ చూడండి’’ అంటూ థర్మామీటర్ ట్రే మీద పెట్టాడు. కాసేపటికి అది 50 చూపించింది. ఆ ట్రేలో ఆరు కేబుళ్లు ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి.

వాటిలో ఒకటి 37 కిలోవాట్ల, అంటే 50 హెచ్‌పీ మోటారుకు పోతుంది. మోటారు నేమ్ ప్లేట్ మీద ఫుల్ లోడ్ కరెంటు 66 ఆంపియర్లు. షెడ్డు కట్టినప్పుడు ఎవరో కేటలాగ్ తిరగేసి, 16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ గాలిలో 70 ఆంపియర్లు మోస్తుందని చూసి, సరిపోతుందని వేసేశారు. రెండు వేసవులు గడిచేసరికి ఆ కేబుల్ తొడుగు గట్టిపడి, వంచితే బీటలిచ్చే స్థితికి వచ్చింది. రిలే మాత్రం ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు.

ఎందుకవుతుంది? రిలే చూసేది మోటారు తీసుకునే కరెంటునే. 66 కన్నా ఎక్కువ తీసుకోనప్పుడు దానికి అంతా సవ్యమే. ట్రేలో ఎంత వేడి ఉందో, పక్కన ఎన్ని కేబుళ్లు ఉన్నాయో దానికి తెలిసే దారి లేదు. ఆ సంగతి కేబుల్ కొనేముందు లెక్క వేసే మనిషికే తెలియాలి.

కేటలాగ్‌లోని 70 ఆంపియర్లకు షరతులున్నాయి. చుట్టూ గాలి 40 డిగ్రీలుండాలి, పక్కన మరో కేబుల్ ఉండకూడదు. ఆ రెండూ పాటిస్తే తీగ 90 డిగ్రీల లోపు ఉంటుంది. ఎక్స్‌ఎల్‌పీఈ రోజంతా తట్టుకోగలిగేది అంతే. గాలి 50 డిగ్రీలైతే తీగ వేడెక్కడానికి మిగిలింది 50 డిగ్రీల బదులు 40. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 40ని 50తో భాగించి వర్గమూలం తీస్తే 0.89 వస్తుంది. పీవీసీ కేబుల్ అయితే దాని హద్దు 70 డిగ్రీలే, అందుకే ఇదే ట్రేలో 0.82కి పడిపోతుంది. ఆనుకున్న ఆరు కేబుళ్లకు, చిల్లుల ట్రే మీద, పట్టికలో 0.76. 0.89నీ 0.76నీ గుణిస్తే దాదాపు 0.68.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. మోటారు కరెంటును 0.68తో గుణించకూడదు, భాగించాలి. 66ని 0.68తో భాగిస్తే 97. అంటే కేటలాగ్‌లో 97 ఆంపియర్లు మోయగలదని రాసిన కేబుల్ కావాలి. 25 స్క్వేర్ ఎంఎం 96 దగ్గరే ఆగిపోతుంది. ఆ ఒక్క ఆంపియర్ కోసం వాదించకుండా 117 ఆంపియర్ల 35 స్క్వేర్ ఎంఎం వేయడమే న్యాయం. పాత 16 కేబుల్‌లో తీగ ఎంత వేడెక్కి ఉంటుందో అక్కడే కాగితం మీద వేసి చూశాం. ఆరు కేబుళ్లూ పూర్తి లోడులో ఉంటే 125 డిగ్రీలు దాటుతుంది.

మరో తప్పు కూడా ఆయన చూపించాడు. మోటారుకు స్టార్-డెల్టా స్టార్టర్ ఉంది కదా అని కొత్తగా చేరిన కుర్రాడు 38 ఆంపియర్లతో లెక్క మొదలుపెట్టాడట. స్టార్టర్ దాటి మోటారుకు వెళ్లే ఆరు తీగల్లో 38 నిజమే. ప్యానెల్ నుంచి స్టార్టర్ దాకా వచ్చే సప్లై కేబుల్‌లో మాత్రం 66 పూర్తిగా పారుతుంది.

ట్రే వెడల్పుండి, కేబుళ్ల మధ్య ఒక కేబుల్ మందమంత ఖాళీ వదిలి ఉంటే ఆరింటికి 0.91 దొరికేది, 25 స్క్వేర్ ఎంఎం హాయిగా సరిపోయేది. ఇక్కడ ఆ చోటు లేదు. వోల్టేజ్ డ్రాప్ కూడా చూశారు. 60 మీటర్ల దూరానికి 35 కేబుల్‌లో ఏడు వోల్టుల లోపే, దాంతో ఇబ్బంది లేదు.

ఇప్పుడు 35 నడుస్తోంది. నేనున్నప్పుడు క్లాంప్ మీటర్ 61 ఆంపియర్లు, ఇన్‌ఫ్రారెడ్ గన్ కేబుల్ పైతొడుగు మీద 66 డిగ్రీలు చూపించాయి. లోపలి తీగ దీనికన్నా వేడిగా ఉంటుందని, పైన 66 ఉంటే లోపల 75 దాకా అనుకోవాలని ఆయన అన్నాడు. నా లెక్కలోనూ దాదాపు అంతే వచ్చింది.

ట్రే పక్కన ఎర్ర పెయింట్‌తో ‘ఆరు మాత్రమే’ అని రాయించాడు. కొత్త కంప్రెసర్ కోసం అడుగుతున్న ఏడో కేబుల్‌ను గోడ వెంట, రేకులకు దూరంగా, వేరే ట్రేలో తీసుకుపోవడానికి కొలతలు తీసుకుంటున్నాడు.