వచ్చిన ఆఫర్ వద్దనడం ఎలా?

జాబ్ కొట్టడం ఎలాగో చెప్పేవాళ్లు బోలెడుమంది. వచ్చిన జాబ్ వద్దని ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మనలో చాలామంది హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తడం మానేస్తారు. జాయినింగ్ డేట్ దాటితే వాళ్లకే అర్థమవుతుందిలే అనుకుంటారు.

అర్థమవుతుంది. కానీ అప్పటికి అవతల జరిగేది వేరు. మన ఐటీలో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 60 రోజులు, 90 రోజులు. అన్నాళ్లూ మేనేజర్ ఆ సీటు ఖాళీగా ఉంచుకుని మీ కోసం చూస్తుంటాడు. మీరు చివరి రోజు హ్యాండ్ ఇస్తే మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ ఇంకొకరి 90 రోజులు. అదే ఆఫర్ వచ్చిన వారంలోనే చెప్పారనుకోండి, మీ తర్వాత రెండో స్థానంలో ఉన్న క్యాండిడేట్ ఇంకా దొరుకుతాడు. ‘నో’ అన్నందుకు కాదు, ఆలస్యంగా అన్నందుకే వాళ్లకి ఎక్కువగా మండుతుంది.

రెండేళ్ల కిందట నాకు ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. సోమవారం వచ్చిన మొదటిది టెస్ట్ ఆటోమేషన్ రోల్. శుక్రవారంలోగా సంతకం చేసి పంపమన్నారు. ‘థాంక్స్ అండి, చదివి గురువారం చెబుతాను’ అని మెయిల్ పెట్టాను, యాక్సెప్ట్ మాత్రం చేయలేదు. బుధవారం రెండోది వచ్చింది. జీతం దాదాపు అంతే, కానీ నేను ఎప్పట్నుంచో కోరుకుంటున్న బ్యాకెండ్ పని. గురువారం ఉదయం మొదటి కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాను.

మెయిల్ కన్నా ముందు ఫోన్ ఎందుకంటే, అన్ని రౌండ్లూ దగ్గరుండి నడిపించిన మనిషి ఆ సంగతి ఇన్‌బాక్స్‌లో చూసి తెలుసుకోవడం బాగుండదు. నేను చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట: “వాళ్లెంత ఇస్తున్నారు? చెప్పండి, మేమూ చూస్తాం.”

“డబ్బు గురించి కాదు మేడమ్. ప్యాకేజీలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. నాకు బ్యాకెండ్ వైపు వెళ్లాలని ఉంది, అక్కడ ఆ పని దొరుకుతోంది. మీరు వేరేవాళ్లని చూసుకోవడానికి వీలుగా ఈ రోజే చెబుతున్నాను.”

చాలామంది తడబడేది ఈ ప్రశ్న దగ్గరే. మొహమాటానికి ‘ఇంట్లో బాగోలేదండి’ అంటారు. రెండు నెలల తర్వాత లింక్డ్‌ఇన్‌లో కొత్త కంపెనీ పేరు కనిపిస్తుంది, ఆ అబద్ధం బయటపడుతుంది. నిజంగా జీతమే సమస్య అయితే వద్దనే ముందే అడగాలి. ఎంత ఇస్తే చేరతారో చెప్పి, అంతా ఇచ్చాక కూడా చేరకపోతే ఆ మేనేజర్ మీ కోసం ఫైనాన్స్ వాళ్లతో పడ్డ గొడవంతా దండగ. ఇక ఏ కంపెనీలో చేరుతున్నారో అడిగితే, చేరాక చెబుతానంటే చాలు.

ఫోన్ అయిన అరగంటలో మెయిల్ పంపాను. సబ్జెక్ట్‌లో రోల్ పేరు, ఆఫర్ తీసుకోవడం లేదన్న మాట. లోపల నాలుగే వాక్యాలు: ఆఫర్‌కి థాంక్స్, తీసుకోలేకపోతున్నాను, కారణం ఇది, మీ సమయానికి కృతజ్ఞతలు. పొడుగ్గా రాస్తే సంజాయిషీలా ఉంటుంది, పైగా బేరానికి దారి తెరిచినట్టవుతుంది.

నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కి విడిగా రాశాను. ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టుల గురించి ఆయన గంటసేపు మాట్లాడారు. వాటిని ఎలా పట్టుకోవాలో ఆ రోజు నేర్చుకున్నానని రాశాను. అది నిజం కూడా. ‘మళ్లీ కలిసి పనిచేసే అవకాశం రావాలి’ అని అందరూ రాస్తారు. గుర్తుండేది మాత్రం ఇలాంటి ఒక్క మాటే.

ఇప్పటికే యాక్సెప్ట్ చేసేశారా? అయినా పద్ధతి ఇదే, కాకపోతే క్షమాపణ కూడా చెప్పాలి, నిర్ణయం తీసుకున్న రోజే చెప్పాలి. ముందు ఆఫర్ లెటర్‌లో షరతులు చదవండి. జాయినింగ్ బోనస్, ల్యాప్‌టాప్ లాంటివి ముందే అంది ఉంటే ఎలా వెనక్కి పంపాలో మీరే అడగండి. మాట ఇచ్చి తప్పారు కాబట్టి కొన్ని కంపెనీలు మళ్లీ పిలవకపోవచ్చు, దానికి సిద్ధపడే చెప్పాలి. కానీ కంపెనీ రికార్డులో ‘ఆఫర్ వద్దన్నారు’ అని ఉండటానికీ, ‘చెప్పకుండా రాలేదు’ అని ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఏడాది తర్వాత ఆ హెచ్‌ఆర్ మేడమ్ వేరే కంపెనీకి మారారు. అక్కడ బ్యాకెండ్ ఓపెనింగ్ రాగానే నాకు ఫోన్ చేశారు. ఇంటర్వ్యూలేమీ తగ్గలేదు, అన్ని రౌండ్లూ రాయాల్సిందే. కాకపోతే వందల రెజ్యూమేల మధ్య నాది ఎవరైనా తెరుస్తారా అని ఎదురుచూడాల్సిన పని తప్పింది.