చెల్లి ఫొటో తీయించిన సంగతి

అరకు వైపు మా ఊళ్లో థింసా ఆడుతున్న మా చెల్లి ఫొటో, ఊరి పేరుతో సహా, ఒక టూరిజం వెబ్‌సైట్‌లో కనబడింది. తనకి 13 ఏళ్లు. అమ్మని ఎవరూ అడగలేదు. "తియ్యనిచ్చారు కదా" అంటారు కొందరు. ఆటలో ఉన్న పిల్ల కెమెరా చూసి నవ్విందంటే ఇంటర్నెట్‌లో పెట్టమన్నట్టా?

అమ్మని అడిగి, అమ్మ పేరుతోనే మెయిల్ రాశాను. తిట్లేం లేవు. ఫొటోలో ఉన్నది నా మైనర్ కూతురు, నేను అనుమతి ఇవ్వలేదు, తీసేసి జవాబివ్వండి, అంతే. ముందే స్క్రీన్‌షాట్ దాచుకున్నాను. ఆధార్ జత చెయ్యలేదు. ఫొటో తీయించబోయి ఇంకో నాలుగు వివరాలు వాళ్ల చేతిలో పెట్టడమెందుకు?

నాలుగో రోజు "తీసేశాం" అన్నారు. పేజీలో లేదు, నిజమే. కానీ ఫొటోకి విడిగా ఒక లింకు ఉంటుంది. కంప్యూటర్లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి Copy image address నొక్కితే వస్తుంది. ముందే దాచుకున్న ఆ లింకు తెరిస్తే చెల్లి అలాగే నవ్వుతోంది! పేజీలోంచి తీసినా ఫైలు సర్వర్‌లో మిగిలిపోయింది. ఆ లింకు పంపితే అదీ పోయింది. మీరు మొదటి మెయిల్‌లోనే రెండు లింకులూ ఇచ్చెయ్యండి.

గూగుల్లో చిన్న బొమ్మ ఇంకా కొన్నాళ్లు వచ్చింది. దానికి గూగుల్‌వాళ్ల Refresh Outdated Content పేజీలో లింకు ఇచ్చాను. సైటువాళ్లు అసలు పలక్కపోతే, 18 ఏళ్లలోపు పిల్లల ఫొటో సెర్చ్‌లోంచి తీయమని అడిగే ఫారం గూగుల్‌కి వేరే ఉంది. పిల్లలైనా, అమ్మానాన్నలైనా పెట్టొచ్చు. అయితే అది సెర్చ్ వరకే. సైటులో ఫొటో ఉన్నచోటే ఉంటుంది.