కోడ్ లేని ఆరంకెలు

ఫోన్ మోగగానే రైతు పేరు, ఊరు, మోటారు వివరాలు తెరమీద కనబడాలి. ఖమ్మంలో బోరు మోటార్లకు సర్వీసు చేసే ఒక కంపెనీలో ఆ ఏర్పాటు నా చేతులమీదుగానే జరిగింది. అందులో రెండు తప్పులు చేశాను. మొదటిది త్వరగానే బయటపడింది. దాన్ని సరిదిద్దబోయి చేసిన రెండోది మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

ఒకే సెల్ నంబరు మాకు ఒక్కోసారి +91తో, ఒక్కోసారి 91తో, ఇంకోసారి ముందు సున్నాతో, మరోసారి ఉత్త పదంకెలతో వచ్చేది. మా రికార్డుల్లోనేమో మధ్యలో గీతలు, ఖాళీలు. అంతకంటే పెద్ద చిక్కు ల్యాండ్‌లైన్లతో. సెల్ సిగ్నల్ సరిగా అందని చర్ల, దుమ్ముగూడెం వైపు రైతులు కొందరు భద్రాచలంలో తమకు తెలిసిన దుకాణం నంబరు రాయించేవాళ్లు. అదీ ఎస్టీడీ కోడ్ లేకుండా, ఆరంకెలే.

ఇన్ని రకాలు చూసి, చివరి ఆరంకెలు కలిస్తే చాలని పెట్టేశాను. ఖమ్మం కోడ్ 08742, భద్రాచలం కోడ్ 08743. రెండుచోట్లా కోడ్ తర్వాత ఆరంకెలే. కాబట్టి ఈ ఊళ్లో ఉన్న ఆరంకెలు ఆ ఊళ్లోనూ ఉండొచ్చు. ఒకరోజు భద్రాచలం నుంచి ఫోన్ వస్తే తెరమీద ఖమ్మం రైతు పేరు కనబడింది. మా దగ్గర ఫోన్లు తీసే అమ్మాయి "స్టార్టర్ పోయిందా అండీ?" అని అడిగింది, అవతలాయన అవునన్నాడు. ఫిర్యాదు ఖమ్మం రైతు పేర నమోదైంది. మెకానిక్ వెళ్లేసరికి అక్కడ మోటారు చక్కగా నీళ్లు పోస్తోంది.

దాంతో పదంకెలూ కలవాల్సిందే అనుకున్నాను. అందుకు ఆరంకెల నంబర్లకు ముందు కోడ్ తగిలించాలి. ఏ కోడ్? రికార్డులో జిల్లా అనే గడి ఉంది. ఖమ్మం జిల్లా అని ఉన్నవాటన్నిటికీ 8742 చేర్చి, పాత నంబర్ల స్థానంలోనే రాసేశాను.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. మా రికార్డుల్లో చాలా భాగం అంతకు ముందువి. వాటిలో భద్రాచలం రైతులది కూడా ఖమ్మం జిల్లాయే. జిల్లా గీతలు మారినా మారకున్నా ఎస్టీడీ కోడ్ నడిచేది టెలిఫోన్ ప్రాంతాన్ని బట్టి. ఆ తేడా నాకు తట్టలేదు. భద్రాచలం దుకాణాల నంబర్లన్నీ ఖమ్మంలో ఎవరివో అయిపోయాయి. ఆరంకెలే ఉంటే చూడగానే ఏదో తక్కువని తెలుస్తుంది. తప్పు కోడ్‌తో పదంకెలైన నంబరును ఎవరూ అనుమానించరు.

చివరికి దొరికింది ఎలాగంటే, వచ్చిన ఫోన్లను మొదటి నాలుగంకెల వారీగా విడగొట్టి చూశాను. 8743తో మొదలైనవి ఒక్కటీ కలవడం లేదు. ఇటు చూస్తే ఖమ్మం టౌనులో ఒకరికీ చర్లలో మరొకరికీ ఒకే 8742 నంబరు. సరిచేద్దామంటే ఏది రైతు చెప్పిన కోడ్, ఏది నేను తగిలించిన కోడ్ అన్నది తెలిసే దారి లేదు. పాత జాబ్‌కార్డుల కట్టలు విప్పి, ఒక్కొక్కటీ చూసి దిద్దుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు రైతు చెప్పిన నంబరు చెప్పినట్టే ఒక గడిలో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. పోల్చడానికి పక్కన వేరే గడి. కోడ్ జిల్లాను బట్టి కాదు, ఆ ఫోన్ ఉన్న ఊరిని బట్టి వేస్తాం:

```
guessed = False
d = re.sub(r"\D", "", raw)
if len(d) == 12 and d.startswith("91"):
    d = d[2:]
elif len(d) == 11 and d.startswith("0"):
    d = d[1:]
elif len(d) == 6 and phone_town in std:
    d = std[phone_town] + d
    guessed = True
```

ఇందులో పొడవు చూడటం ముఖ్యం. పదంకెల సెల్ నంబర్లలోనూ 91తో మొదలయ్యేవి ఉన్నాయి. పొడవు చూడకుండా ముందున్న 91 తీసేస్తే అవి ఎనిమిదంకెలకు కుంచించుకుపోతాయి. ఇంత చేశాక కూడా పదంకెలు రాకపోతే ఆ రికార్డు మనిషి చూడాల్సిన జాబితాలోకి వెళ్తుంది.

ఇంకో సంగతి. ఖమ్మం ల్యాండ్‌లైన్ సున్నా తీశాక 8742తో మొదలై పదంకెలుంటుంది, అచ్చం సెల్ నంబరులా. 8 చూసి సెల్ అనుకుని దానికి ఎస్సెమ్మెస్ పంపితే చేరదు.

నంబరు సరిగ్గా కలిసినా అది ఫోన్‌ను చూపిస్తుందిగానీ మనిషిని కాదు. ఒక దుకాణం నంబరు మీద నలుగురు రైతులుంటే నలుగురి పేర్లూ తెరమీదికి రావాలి. మొదటి పేరును కంప్యూటర్ తనంతట తాను ఎంచకూడదు. మేం కోడ్ చేర్చిన నంబరైతే పక్కన పసుపు గుర్తు కనబడుతుంది. మా వాళ్లు పేరు తాము చదవకుండా "ఏ ఊరు, ఎవరి పేర ఉందండీ?" అని ముందు అవతలివాళ్లనే అడుగుతారు. చెప్పింది తెరమీది దానితో కలిస్తేనే ఫిర్యాదు రాస్తారు.